అన్నం దిగుతోంది, గొంతులో ఉండ మాత్రం అలాగే ఉంది: నా అనుభవం

గొంతు గుంటకి కాస్త పైన, సరిగ్గా మధ్యలో, చిన్న ఉసిరికాయంత ఏదో నిలిచిపోయినట్టు ఉండేది. నొప్పి లేదు, మంట లేదు, దగ్గు లేదు. గుటక వేస్తే ఒక్క క్షణం కిందికి జరిగినట్టనిపించి, మళ్ళీ అక్కడికే వచ్చేసేది. పొద్దున లేవగానే ఉండేది కాదు. కాలేజీలో రెండో పీరియడ్ అయ్యేసరికి మొదలై, సాయంత్రం ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్నాక బాగా తెలిసేది. నేను విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. వయసు నలభై నాలుగు. రోజంతా గొంతుతోనే పని.

ఇంకెవరికైనా అయితే పది రోజులు చూద్దాంలే అనిపించేదేమో. నాకలా అనిపించకపోవడానికి కారణం మా మావయ్య. అంతకు ముందు ఏడాదే ఆయన అన్నవాహిక క్యాన్సర్‌తో పోయారు. ఆయన తిండి ఎలా తగ్గుతూ వచ్చిందో దగ్గరుండి చూశాను. మొదట చపాతీ, మాంసం ముక్క దిగడం లేదన్నారు. తర్వాత అన్నాన్ని చారులో మెత్తగా పిసుక్కుని, ముద్ద ముద్దకీ నీళ్లు తాగేవారు. కొన్ని నెలలకి గంజి, మజ్జిగ మాత్రమే. చివరికి మంచినీళ్లు కూడా వెనక్కి వచ్చేవి. ఆయనా మొట్టమొదట చెప్పింది "గొంతులో ఏదో అడ్డం పడుతోందే" అనే. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. నాకూ అడ్డం అనిపించగానే మనసు నేరుగా అక్కడికే వెళ్లింది.

ముందు మా వీధిలోని డాక్టర్ గారికి చూపించుకున్నాను. గ్యాస్ పైకి తంతోంది అని పాంటోప్రజోల్ రాశారు, పరగడుపున రోజుకొకటి. ఒక నెల వాడినా ఏ తేడా కనిపించలేదు. దాంతో విశాఖపట్నంలో ఒక ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం, నేనూ మావారూ.

పెద్దావిడ. నేను కూర్చోగానే మావయ్య సంగతి చెప్పేశాను. ఆవిడ దాన్ని కాగితం మీద రాసుకుని, "సరేనమ్మా, అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు నిన్న రాత్రి ఏం తిన్నావో చెప్పు" అన్నారు. చపాతీ, బంగాళాదుంప కూర అన్నాను. ఎన్ని తిన్నావు, ఎంతసేపు పట్టింది, మధ్యలో నీళ్లు తాగాల్సొచ్చిందా, ఏ ముక్కయినా ఆగిందా, తినేటప్పుడు ఆ ఉండ ఎక్కడుంది? ఈ చివరి ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆలోచిస్తే, తింటున్నంతసేపూ అది గుర్తుకే రాలేదు. చెయ్యి కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాక మళ్ళీ వచ్చింది.

ఆవిడ దాదాపు ఆ ఒక్క విషయం మీదే పావుగంట గడిపారు. ఉత్త గుటకకి తెలుస్తుందా, ముద్దకి తెలుస్తుందా? నాకు ఉత్త గుటకకే తెలుస్తుంది. అన్నం, చపాతీ, ఇడ్లీ, నీళ్లు, అన్నీ ఎప్పటిలాగే దిగుతున్నాయి. తింటుంటే పోతుంది, తినడం ఆపితే వస్తుంది. దారి నిజంగా ఇరుకైతే దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుందని వివరించారు. ఇరుకు అనేది ముద్ద వెళ్లినప్పుడే బయటపడుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. గొంతులో ఉండ తిననప్పుడు ఉండి, తింటే తగ్గడమే ఈ రకం ఇబ్బందికి ముఖ్యమైన గుర్తు. దీన్ని డాక్టర్లు గ్లోబస్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలా అనిపిస్తుందట. చాలామంది డాక్టరు దాకా రారు.

తర్వాత మిగతా ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడిగారు. బరువు తగ్గావా? గొంతు బొంగురుపోయి మూడు వారాలకు మించి అలాగే ఉందా? మింగితే నొప్పా? ఉండ మధ్యలో ఉందా, ఒక పక్కకే ఉందా? ఏ చెవైనా ఊరికే నొప్పెడుతోందా? ఉమ్మితే రక్తం పడుతోందా? తాగిన నీళ్లు పొలమారుతున్నాయా, ముక్కులోంచి వస్తున్నాయా? చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ? మా ఉత్తరాంధ్రలో ఆడవాళ్లని కూడా చుట్ట గురించి అడగకుండా వదలరు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మా నాయనమ్మ తరంలో చూసినదే. నావన్నీ లేవు అనే జవాబులే. ఉండ మధ్యలోనే ఉందన్నది కూడా మంచి గుర్తేనట. ఎప్పుడూ ఒకే పక్కన ఉండి, అదే పక్క చెవి నొప్పి కూడా ఉంటే, స్కోపులో మొదటిసారి ఏమీ కనిపించకపోయినా తాను వదిలిపెట్టనని చెప్పారు. గొంతు లోపలి భాగానికీ చెవికీ నరాలు ఒకటే కాబట్టి, అక్కడి జబ్బు చెవినొప్పిగా బయటపడొచ్చు.

అప్పుడు మావయ్య సంగతికి వచ్చారు. ఆయన ఎక్కడ ఆగుతోందని చూపించేవారని అడిగారు. ఇక్కడే అని నా గొంతు గుంట చూపించాను. ఆయనకి గడ్డ ఎక్కడుంది? ఛాతీలో, బాగా కింద, పొట్టకి దగ్గరగా. అన్నవాహిక కింది భాగంలో ముద్ద ఆగినా, చాలామందికి అది గొంతులో ఆగినట్టే తెలుస్తుందట. అందుకని ముద్ద ఆగుతోంది అన్నవాళ్లు గొంతు చూపించారు కదా అని గొంతు ఒక్కటే చూసి పంపకూడదు, కింది దాకా ఎండోస్కోపీ చేయాలి. మావయ్యకి మొదట గట్టివి, తర్వాత మెత్తనివి, ఆఖరికి నీళ్లు ఆగడం అనేది దారి రోజురోజుకీ మూసుకుపోతోందనడానికి గుర్తు. మొదటి రోజు నుంచే అన్నమూ నీళ్లూ రెండూ ఆగుతుంటే అన్నవాహిక కండరాల కదలికలో లోపం ఉందేమో చూస్తారు. మింగడం మొదలుపెట్టగానే పొలమారి దగ్గు వస్తే నరాల వైపు, పక్షవాతం లాంటి వాటి వైపు చూస్తారు. "ఈ మూడింట్లో నీది ఏదీ కాదమ్మా. మీ మావయ్య నోటి నుంచి, నీ నోటి నుంచి ఒకే మాట వచ్చింది. ఆయన కంచం వేరు, నీ కంచం వేరు" అన్నారు. ఆ మాట విన్నాక నా భుజాలు కిందికి దిగినట్టయింది. అయినా పరీక్ష చేయకుండా ఆవిడ ఏదీ తేల్చలేదు.

ముందు మెడ. వెనక నిలబడి రెండు చేతుల వేళ్లతో దవడ కింద నుంచి కాలర్ ఎముక దాకా గడ్డలేమైనా ఉన్నాయేమో తడిమారు. నీళ్లు గుటక వేయమని థైరాయిడ్ కదలడం చూశారు. తర్వాత గొంతు ముందు గట్టిగా ఉండే స్వరపేటికని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ మెల్లగా జరిపారు. లోపల కటకటమని శబ్దం. నేను కంగారుపడ్డాను. "ఆ చప్పుడు ఉండాలమ్మా, లేకపోతేనే కంగారు" అన్నారు. స్వరపేటిక వెనకాల వెన్నుపూసల మీద రుద్దుకుని ఆ చప్పుడు వస్తుంది. మధ్యలో గడ్డ లాంటిదేదైనా పెరిగితే చప్పుడు ఆగిపోతుంది. అంతకుముందు ఎవరూ ఇది చేసి చూడలేదు, దీనికి ఖర్చు కూడా లేదు. ఆ తర్వాత గ్లాసుడు నీళ్లు ఇచ్చి ఆపకుండా తాగమన్నారు. తాగాక "ఆ..." అని పలకమన్నారు. గొంతు తడిగా, గరగరగా మారిందేమో వినడానికట.

తర్వాత స్కోపు. మందులో తడిపిన దూది పట్టీలు ముక్కులో పెట్టి కాసేపు బయట కూర్చోబెట్టారు. మందు చేదుగా గొంతులోకి జారుతుంది, నాలుక మొదలు మొద్దుబారుతుంది. అప్పుడు ఉండ ఇంకా పెద్దదైనట్టు అనిపించి భయమేసింది. మొద్దుబారితే ఎవరికైనా అలాగే ఉంటుందని సిస్టర్ చెప్పింది. ఆ తర్వాత సన్నటి మెత్తటి గొట్టాన్ని ముక్కులోంచి పంపారు. నొప్పి లేదు. ముక్కు మలుపు దగ్గర ఒత్తిడి, కళ్లలో నీళ్లు. పక్కన స్క్రీన్ మీద అంతా నాకూ కనపడేలా పెట్టారు. నాలుక మొదలు, దాని వెనక ఆకులా నిలబడ్డ మూత, దాని కింద తెల్లగా రెండు స్వరతంత్రులు. "ఈ..." అనమంటే రెండూ వచ్చి కలుసుకున్నాయి, ఊపిరి పీలిస్తే విడిపోయాయి. రెండూ సమానంగా కదులుతున్నాయన్నారు. బుగ్గలు ఉబ్బించమన్నారు. అప్పుడు స్వరపేటికకి రెండు పక్కలా ఉండే గుంటలు విచ్చుకున్నాయి. ఆవిడ ఎక్కువసేపు చూసింది అక్కడే. ఆ గుంటల్లో లాలాజలం నిలవ ఉంటే కింద ఏదో అడ్డం ఉన్నట్టు. నావి పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మొద్దుతనం పోయేదాకా గంటసేపు ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారు, పొలమారుతుందని.

మరి ఏమీ లేకపోతే ఉండ ఎందుకు తెలుస్తోంది? గొంతుకీ అన్నవాహికకీ మధ్య ఒక కండరాల వలయం ఉంటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది, మింగినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. దిగులుగా ఉన్నప్పుడు, పాఠం చెప్పి గొంతు అలిసినప్పుడు, పొట్టలోంచి పులుపు పైకి ఎగదన్నినప్పుడు ఆ చుట్టుపక్కల కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు మనకి ఉండలా తెలుస్తుంది. అందరిలోనూ కారణం ఇదే అని తేల్చి చెప్పలేమని కూడా ఆవిడే అన్నారు. తెలిశాక మనం చేసే పని దాన్ని పెంచుతుంది. ఉందా పోయిందా అని గుటకలు వేస్తాం, గొంతు సవరించుకుంటాం.

"ఇప్పుడు నోట్లో ఏమీ లేకుండా వరసగా గుటకలు వెయ్యి" అన్నారు. మొదటిది పడింది. రెండోది కాస్త కష్టం. మూడోది సగంలో ఆగింది, నాలుగోది అసలు రాలేదు, గొంతు పట్టేసినట్టయింది. ఆవిడ తను కూడా వేసి చూపించారు, ఆవిడకీ అంతే. మావారికీ అంతే. మింగడానికి నోట్లో కొంచెమైనా తడి కావాలి. వేసిన గుటకలకి లాలాజలం అయిపోతే గొంతు ఎవరిదైనా మొరాయిస్తుంది. నేను రోజంతా ఇదే చేస్తూ, మింగుడు పడడం లేదని భయపడుతున్నాను. చదివేవాళ్లు ఇప్పుడే ఇది చేసి చూసుకోవచ్చు.

బేరియం ఎక్స్‌రే, ఎండోస్కోపీ, మెడ స్కాన్ చేయించమని మావారు అడిగారు. ముద్ద ఆగడం లేదు, బరువు తగ్గలేదు, మెడలో గడ్డ లేదు, స్కోపు శుభ్రంగా ఉంది కాబట్టి వాటితో కొత్తగా తెలిసేది చాలా తక్కువ అన్నారు. మెడ స్కాన్‌లో చిన్న చిన్న థైరాయిడ్ బుడిపెలు మా వయసు ఆడవాళ్లలో చాలామందికి కనపడతాయి. ఈ ఉండకీ వాటికీ సంబంధం లేకపోయినా, అప్పటి నుంచి వాటి భయం మొదలవుతుంది. రక్తపరీక్ష మాత్రం రాశారు, హిమోగ్లోబిన్, థైరాయిడ్. హిమోగ్లోబిన్ ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. రెండూ బాగానే వచ్చాయి. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు లేవు కాబట్టి పాంటోప్రజోల్ ఆపేయమన్నారు. అవి ఉన్నవాళ్లకి కొన్నాళ్లు వాడి చూడడంలో అర్థం ఉందిగానీ, ఉత్త ఉండకి ఆ మాత్రతో పెద్ద ప్రయోజనం కనపడదన్నారు.

ఇక నేను చేయాల్సినవి. గొంతు సవరించుకోవడం మానాలి. అది స్వరతంత్రుల్ని ఒకదానికేసి ఒకటి కొట్టడమే, దాంతో అక్కడ చిరచిర పుట్టి మళ్ళీ సవరించుకోవాలనిపిస్తుంది. సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక చిన్న గుక్క నీళ్లు తాగాలి. నీటి సీసా టేబుల్ మీద ఉండాల్సిందే. మావారు లెక్క చెప్తే గానీ తెలియలేదు, ఒక వార్తల బులెటిన్ అయ్యేలోపే ఎన్నోసార్లు సవరించుకునేదాన్ని. స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి కొన్ని నేర్పింది. నోరు మూసుకునే ఆవలించినట్టు గొంతు వెనక భాగాన్ని తెరిచి, మెల్లగా నిట్టూర్చినట్టు గాలి వదలడం. భుజాలు పైకెత్తి వదిలేయడం, మెడని అటూ ఇటూ వంచడం. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రాతో బుడగలు ఊదుతూ "ఊ..." అనడం. మొదటి వారం ఏమీ మారలేదు. తర్వాత మారినట్టు కూడా తెలియలేదు, పొద్దున్నుంచి గుర్తు రాలేదే అని సాయంత్రం అనిపించడం మొదలైంది.

పూర్తిగా పోయిందని చెప్పను. ఇంటర్ మూల్యాంకనం రోజుల్లో వస్తుంది, మావయ్య సంవత్సరీకానికి వచ్చింది. చాలామందిలో ఇది ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటుందని ముందే చెప్పారు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆవిడ అడిగింది కూడా అన్నం గురించే. ఉండ పెరిగిందా తగ్గిందా అన్నది ఆవిడకి పెద్ద లెక్క కాదు. ముద్ద ఆగడం, నొప్పి, బరువు తగ్గడం, గొంతు మారడం, మెడలో గడ్డ, వీటిలో ఏది కొత్తగా చేరినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ వారమే రమ్మన్నారు.

హిమోగ్లోబిన్ సంగతి మాత్రం తర్వాత, మా కాలేజీ ఆయమ్మ వల్ల తెలిసింది. నా నీటి సీసా చూసి ఎందుకని అడిగింది. చెప్తే, "నాకూ అంతేనమ్మా, గొంతులో అడ్డం, ఎన్నాళ్లనుంచో" అంది. నాదే దీనిదీ అనుకోబోయి, తినేటప్పుడు ఎలా ఉంటుందని అడిగాను. అన్నం నీళ్లగా కలుపుకుంటే పోతుంది, అట్టు ముక్క, వేయించిన చేప ఆగుతాయి అంది. ఆగితే లేచి నిలబడి నీళ్లు తాగుతుందట, ఒక్కోసారి బయటికి తీసేస్తుందట. మాట్లాడుతూనే కొంగులోంచి బియ్యం తీసి నములుతోంది. మనిషి పాలిపోయి ఉంది, పెదవుల మూలలు పగిలి ఉన్నాయి.

ఆ శనివారమే నేను ఆవిణ్ణి వెంటబెట్టుకుని అదే డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. నాకు అక్కర్లేదన్న పరీక్షలే ఆమెకి మొదట రాశారు. కింది కనురెప్ప లాగి చూశారు, తెల్లగా ఉంది. నాలుక చాపమన్నారు, నునుపుగా ఉంది. హిమోగ్లోబిన్ ఏడు. ఇనుము బాగా తగ్గిపోయిన కొందరు నడివయసు ఆడవాళ్లకి అన్నవాహిక పైభాగంలో, సరిగ్గా గొంతు దిగగానే, ఒక పల్చటి పొర అడ్డంగా పెరుగుతుందట. అంత పైన ఉండేసరికి ఎండోస్కోపీ గొట్టం వేగంగా దాటిపోయి అది తప్పిపోవచ్చు. అందుకని ముందు బేరియం తాగించి పక్క నుంచి ఎక్స్‌రేలు తీశారు. తెల్లటి ధార మధ్యలో, ముందు గోడ నుంచి సన్నటి గీత లోపలికి పొడుచుకొచ్చి కనిపించింది. డాక్టర్ గారు పెన్నుతో దాని మీద చూపిస్తే ఆయమ్మ, నేను ఇద్దరం చూశాం.

తర్వాత గ్యాస్ట్రో డాక్టర్ గారు ఎండోస్కోపీ చేసి ఆ పొరని తెరిచి దారి వెడల్పు చేశారు. కింద అంతా బాగుందన్నారు. ఈ పొర ఉన్నవాళ్లకి ఆ చోట ముందు ముందు క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ కాబట్టి, పొర పోయిందని చూపించుకోవడం మానొద్దని గట్టిగా చెప్పి పంపారు. రక్తం ఎటు పోతోందో కూడా వెతికారు. నెలసరి ఎక్కువవుతున్న సంగతి ఆమె అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దానికీ వైద్యం మొదలైంది. ఇనుము మాత్రలు టీతో వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని చెప్పారు. పోయినసారి పరీక్షలో హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. ఒంట్లో నిల్వలు కూడా నిండాలి కాబట్టి మాత్రలు ఇంకొన్ని నెలలు వాడమన్నారు. బియ్యం నమలడం దానంతటదే పోయింది. ఇప్పుడు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ బయట కూర్చుని అట్టు తింటుంది, పక్కన నీళ్ల గ్లాసు లేకుండానే.